చుక్కా, కింద గీతా, పెద్దక్షరమా?

ఇన్‌స్టాగ్రామ్‌లో విరాట్ కోహ్లీ పేరు virat.kohli. అదే మనిషి ఎక్స్‌లో imVkohli. రష్మిక మందన్న అక్కడ rashmika_mandanna, ఇక్కడ iamRashmika. మహేశ్ బాబు మాత్రం రెండు చోట్లా ఒకే పేరు దక్కించుకున్నాడు. కాకపోతే ఎక్స్‌లో urstrulyMahesh అంటూ మధ్యలో పెద్ద M కనిపిస్తుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో అన్నీ చిన్నక్షరాలే.

చూడగానే ఇదంతా ఎవరిష్టం వాళ్ళదిలే అనిపిస్తుంది. నిజానికి ఇందులో సగం ఆ యాప్‌లు పెట్టిన షరతు. ఎక్స్ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరో గుర్తుని యూజర్‌నేమ్‌లోకి రానివ్వదు. మొత్తం 15 అక్షరాలు దాటకూడదు. కాబట్టి virat.kohli అనే పేరు అక్కడ పుట్టే వీలే లేదు. ఎవరైనా అభిమాని ఉత్సాహంగా ఎక్స్‌లో @virat.kohli అని రాస్తే లింకు చుక్క దగ్గర ఆగిపోతుంది. ఆ పొగడ్త @virat అనే పేరున్న మరెవరి ఖాతాకో చేరుతుంది.

కోహ్లీకి దీనివల్ల పోయేదేమీ లేదు. పేరులో మొదటి నాలుగక్షరాలు కొడితే చాలు, వెతుకుడు పెట్టె మిగతాది అందిస్తుంది. ఇబ్బందల్లా ఆ సౌకర్యం లేని వాళ్ళకి: కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన వాళ్ళకి, ఫోన్లో తమ మెయిల్ ఐడీ చెప్పాల్సిన వాళ్ళకి, ఫోన్ మార్చాక పాత యూజర్‌నేమ్ గుర్తు రాక తలపట్టుకునే వాళ్ళకి.

ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. రాజమండ్రిలో ఒకావిడ ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పెట్టి అమ్ముతున్నారు. పేరు శ్రీ లక్ష్మి పచ్చళ్ళు. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరవాలి. మూడు మాటలున్నాయి కాబట్టి విడివిడిగా కనిపిస్తే బాగుంటుందని ఆవిడ కొడుకు sri_lakshmi_pachallu అని పెట్టాడు. సీసా మూతల మీద స్టిక్కర్లు కూడా వేయించాడు. ఇక్కణ్ణించి ఆ రెండు గీతలకి ఏమవుతుందో చూడాలి.

కంటికి అవి మేలే చేస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. మాటల మధ్య ఖాళీ పెట్టే వీలు లేని చోట ఏ గుర్తు పెడితే చదవడం తేలిక అన్న చర్చ ప్రోగ్రామర్లలో చాలా కాలంగా ఉంది. 2009లో డేవిడ్ బింక్లీ బృందం 135 మందికి రెండు రకాల పేర్లు చూపించి పరీక్షించింది. మధ్యలో పెద్దక్షరాలతో కలిపి రాసిన పేర్లని జనం తక్కువ తప్పులతో గుర్తుపట్టారు గానీ ఎక్కువ సమయం తీసుకున్నారు. మరుసటి ఏడాది బొనీటా షరీఫ్, జొనాథన్ మలెటిక్ కంటి కదలికల్ని పట్టే యంత్రంతో అలాంటి ప్రయోగమే చేసి, అండర్‌స్కోర్ ఉన్న పేర్లని కళ్ళు త్వరగా పట్టేస్తున్నాయని చెప్పారు. రెండిట్లోనూ పరీక్షించింది ఒక్కటే: ముందు చూసిన పేరుని నాలుగు పేర్ల మధ్య మళ్ళీ గుర్తుపట్టడం. ఏమీ చూడకుండా సొంతంగా గుర్తు తెచ్చుకుని టైపు చేయమని ఎవరినీ అడగలేదు. పచ్చళ్ళావిడ గిరాకీలు చేయాల్సింది మాత్రం సరిగ్గా ఆ పనే.

ఆ కంటి మేలు కూడా అన్ని చోట్లా దక్కదు. అండర్‌స్కోర్ పుట్టిందే అక్షరాల కింద దాక్కోవడానికి. టైపురైటర్ మీద ఒక మాట కింద గీత కావాలంటే ముందు మాట కొట్టి, క్యారేజీని వెనక్కి జరిపి, అదే మాట కింద ఈ మీటని వరసగా నొక్కేవారు. కంప్యూటర్ అక్షరాలకి అంకెలు కేటాయించిన ఆస్కీ పట్టికలో, 1963 నాటి మొదటి కూర్పులో ఈ స్థానంలో ఎడమవైపు చూసే బాణం గుర్తు ఉండేది. 1967లో బాణాన్ని తీసేసి 95వ సంఖ్యని అండర్‌స్కోర్‌కి ఇచ్చారు. అలా ఒంటరిగా, రెండు మాటల మధ్య నిలబడే బతుకు దానికి తర్వాత వచ్చింది. పాత అలవాటు మాత్రం పోలేదు. వెబ్‌పేజీలో లింకుల కింద గీత పడినప్పుడు అండర్‌స్కోర్ అందులో కలిసిపోయి ఖాళీ జాగాలా కనిపిస్తుంది. బ్యాంకు ఫారంలో గీత మీద మెయిల్ ఐడీ రాస్తే ఫారం గీత ఏదో ఐడీ గీత ఏదో గుమాస్తాకి తెలియదు. రెండు అండర్‌స్కోర్లు పక్కపక్కన పెడితే ఒకే పొడవాటి గీతలా అతుక్కుంటాయి, రెండా మూడా లెక్కపెట్టలేం. కుర్రకారు మోజుపడి పేరు చివర తగిలించే జంట గీతలతో చిక్కు ఇదే.

వాట్సాప్‌ది ఇంకో తమాషా. ఏ మాటకైనా అటూ ఇటూ అండర్‌స్కోర్ పెడితే ఆ యాప్ దాన్ని వాలు అక్షరాల్లోకి మార్చే ఆదేశంగా తీసుకుంటుంది. _ravi_ అనే ఐడీని స్నేహితుడికి మామూలు మెసేజీలా పంపితే, అవతల కనిపించేది కాస్త వంగి నిలబడ్డ ravi మాత్రమే. గీతలు రెండూ మాయం. అవతలివాడు చూసినది చూసినట్టే టైపు చేస్తాడు, వేరే ఎవరి పేజీకో పోతాడు. sri_lakshmi_pachallu లాగా గీతలు మాట లోపల ఉంటే ఈ ప్రమాదం లేదు, అంతవరకు నయం.

ఇప్పుడు పేరుని నోటితో చెప్పి చూద్దాం. సీసా కొన్నవాళ్ళు తమ చెల్లెలికి ఫోన్ చేసి, ఫలానా పేజీలో ఆర్డర్ పెట్టవే అంటారు. పేరు ఏమిటంటే "శ్రీ లక్ష్మి పచ్చళ్ళు" అనే అంటారు. గీతలు గుర్తున్నా పలకరు, ఎందుకంటే పేరు పలకడంలో వాటికి చోటు లేదు. పలికినా ఒకరు అండర్‌స్కోర్ అంటారు, ఒకరు డ్యాష్ అంటారు, ఒకరు కింద గీత అంటారు. డ్యాష్ అని విన్నవాళ్ళు మధ్య గీత, అంటే హైఫన్ కొడతారు. ఇన్‌స్టాగ్రామ్ యూజర్‌నేమ్‌లో హైఫన్ ఉండనే ఉండదు. ఈ విషయంలో చుక్కదే పైచేయి. డాట్ అన్నా చుక్క అన్నా వినేవాళ్ళకి ఒకటే అర్థమవుతుంది. ఇంటిపేరు తొలి అక్షరం తర్వాత చుక్క పెట్టడం తెలుగువాళ్ళకి బడి రోజుల నుంచీ అలవాటే కదా.

వేలికి వచ్చే శ్రమ ఫోన్‌ని బట్టి మారుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా కనిపించే జీబోర్డ్‌లో చుక్క అక్షరాల పలకలోనే ఉంది, ఒక్క నొక్కుతో పడుతుంది. అండర్‌స్కోర్ కావాలంటే ముందు ?123 నొక్కి గుర్తుల పలకకి వెళ్ళాలి, _ నొక్కాలి, తర్వాత ABC నొక్కి వెనక్కి రావాలి. ఒక గీతకి మూడు నొక్కులు. ఐఫోన్ మామూలు కీబోర్డ్‌లో ఇంకో మెట్టు ఎక్కువ. 123 అన్న పలకలో అండర్‌స్కోర్ ఉండదు, దాని వెనకున్న #+= పలకలో ఉంటుంది. పోయిరావడం లెక్కేస్తే నాలుగు నొక్కులు. పచ్చళ్ళావిడ పేరులో అక్షరాలు 18. రెండు గీతలూ కలిస్తే ఐఫోన్‌లో 26 నొక్కులవుతాయి. కంప్యూటర్ మీద షిఫ్ట్ పట్టుకుని సున్నా పక్కనున్న మీట నొక్కాలి. షిఫ్ట్ సరిగ్గా పడకపోతే అదే మీట హైఫన్ కొడుతుంది, చిన్న తెరమీద ఆ తేడా కంటికి ఆనదు.

నొక్కులు పెరగడం కంటే పలక మారడమే అసలు చిక్కు. అక్షరాల మీద పరుగెత్తుతున్న వేలు గుర్తుల కోసం ఆగి వెతకాలి. ఆ ఆగడంలోనే ఎక్కడిదాకా కొట్టామో మరిచిపోతాం, లేదా ABC నొక్కడం మరిచి l కొట్టబోయిన చోట ఏ బ్రాకెట్టో కొడతాం. దీనికి తోడు ఫోన్ చూపించే అతిశ్రద్ధ ఒకటి. మామూలు మెసేజీ పెట్టెలో ఇంగ్లీషు కీబోర్డుకి pachallu అనే మాట తెలియదు, దిద్దబోతుంది. సూచనల్లోంచి ఒక మాట ఎంచుకుంటే దాని వెనక ఒక ఖాళీ తగిలిస్తుంది. ఆ ఖాళీతో సహా కాపీ చేసి లాగిన్ పెట్టెలో అతికించిన వాళ్ళు, కనిపించని ఆ తప్పు కోసం ఎంతసేపైనా వెతుకుతారు.

జ్ఞాపకం సంగతికొద్దాం. మనిషి మనసు పేరు విన్నప్పుడు దాని అర్థాన్ని పట్టుకుంటుంది. శ్రీ లక్ష్మి అంటే ఒక రూపం ఉంది, పచ్చళ్ళు అంటే రుచి, వాసన ఉన్నాయి. మధ్యలో గీతకి ఏ అర్థమూ లేదు. అందుకే వారం తర్వాత మాటలు మిగులుతాయి, గుర్తులు రాలిపోతాయి. ఇంకా తరచుగా జరిగేది మరొకటి: ఏదో ఒక గుర్తు ఉందని తెలుస్తుంది, అది చుక్కో గీతో, మొదటి మాట తర్వాతో రెండో మాట తర్వాతో తెలియదు. ఈ అయోమయం ఎంతవరకు పోతుందో లెక్కగట్టవచ్చు. మూడు మాటల మధ్య రెండు సందులు. ఒక్కో సందులో ఏమీ లేకపోవచ్చు, చుక్క ఉండవచ్చు, గీత ఉండవచ్చు. మూడు మూళ్ళు తొమ్మిది రకాలు. దీని మీద మన పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు ఉండనే ఉంది: sri, sree, shri అని మూడు విధాలు, lakshmi, laxmi అని రెండు. మొత్తం 54 పేర్లు తయారయ్యాయి. ఇందులో సరైనది ఒక్కటి. గుర్తులే లేవని ముందే తెలిసి ఉంటే గిరాకీ వెతకాల్సింది ఆరు పేర్లలోనే.

సొంత ఖాతా విషయంలోనూ ఇంతే, కాకపోతే దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. యూజర్‌నేమ్‌ని ఒకసారి కొట్టాక ఫోనే దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మనిషికి మళ్ళీ కొట్టే అవసరం రాదు. రెండేళ్ళకి ఫోన్ మారినప్పుడో పోయినప్పుడో మాత్రమే ఆ గుర్తు కావలసి వస్తుంది. అప్పుడు చాలా సైట్లు యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు అని మాత్రమే చెబుతాయి, ఏది తప్పో చెప్పవు. దొంగలకి ఆరా దొరకకూడదని అలా పెట్టారు. మనవాళ్ళు సహజంగా పాస్‌వర్డ్‌నే అనుమానిస్తారు. దాన్ని నాలుగు రకాలుగా మార్చి మార్చి కొట్టి ఖాతాకి తాళం పడేలా చేసుకుంటారు. పైన పేరులో లేని చుక్క ఒకటి కూర్చుని ఉందన్న సంగతి తడితే ఒట్టు.

ఇవన్నీ మనుషుల తడబాట్లు. యంత్రాల మధ్యే ఏకాభిప్రాయం లేకపోవడం మరో తంటా.

జీమెయిల్‌నే తీసుకోండి. మామూలు జీమెయిల్ ఖాతాల్లో @ గుర్తుకి ముందున్న చుక్కలకి ఎలాంటి విలువా లేదు. srilakshmi, sri.lakshmi, s.r.i.lakshmi మూడూ ఒకే పెట్టెలో పడతాయి. తన పేరులో చుక్క లేదు, చుక్క ఉన్న పేరు మరెవరిదో, ఆ మనిషి ఉత్తరాలు తనకి వచ్చేస్తున్నాయని కంగారుపడే వాళ్ళు చాలామంది. అలాంటి వేరే ఖాతా ఉండదు. ఎవరో తమ ఐడీని తప్పుగా చెప్పుకున్నారు, లేదా ఎవరో తప్పుగా రాసుకున్నారు, అంతే. ఆఫీసులు, కాలేజీలు తమ సొంత డొమైన్‌తో గూగుల్ ద్వారా నడిపే మెయిళ్ళకి ఈ సడలింపు వర్తించదు, అక్కడ చుక్కకి లెక్క ఉంది. ఔట్‌లుక్‌లోనూ ఉంది. జీమెయిల్ అండర్‌స్కోర్‌ని అసలు ఒప్పుకోదు కూడా. దీనివల్ల ఒక లాభం: కౌంటర్లో ఎవరైనా ఫలానా అండర్‌స్కోర్ ఫలానా ఎట్ జీమెయిల్ అని చెబితే, రాసుకునే వాళ్ళు అక్కడే ఆపి మళ్ళీ అడగవచ్చు. అది చుక్క అయి ఉండాలి, లేదా జీమెయిలే కాకపోయి ఉండాలి.

చుక్కని ఒక సంస్థ లెక్కచేయకుండా మరో సంస్థ లెక్కచేస్తే సందులో మోసానికి చోటు దొరుకుతుంది. 2018లో ఒక బ్రిటిష్ ప్రోగ్రామర్ దీన్ని బయటపెట్టాడు. అతని జీమెయిల్ పేరులోనే ఒక చుక్క చేర్చి ఎవరో నెట్‌ఫ్లిక్స్‌లో ఖాతా తెరిచారు. నెట్‌ఫ్లిక్స్ దృష్టిలో చుక్క మారితే వేరే మనిషి. జీమెయిల్ దృష్టిలో ఇద్దరూ ఒకరే. దాంతో ఆ కొత్త ఖాతా తాలూకు ఉత్తరం, కార్డు పనిచేయడం లేదు మార్చండి అంటూ, నేరుగా ఇతనికే వచ్చింది. ఉత్తరం నకిలీది కాదు, నెట్‌ఫ్లిక్స్ పంపినదే. మరో నిమిషం ఆలోచించకుండా తన కార్డు నంబరు ఇచ్చి ఉంటే ఎవరి వినోదానికో ఇతను డబ్బు కట్టేవాడు. ఉత్తరం ఏ పేరుకి వచ్చిందో, అందులో చుక్క ఎక్కడుందో చూసి పట్టుకున్నాడు.

ఫేస్‌బుక్ కూడా యూజర్‌నేమ్‌లో చుక్కల్నీ పెద్దక్షరాల్నీ తేడాగా పరిగణించదు. ఇన్‌స్టాగ్రామ్ మాత్రం చుక్క, గీత, ఏమీ లేకపోవడం, మూడిట్నీ మూడు వేరు ఖాతాలుగా చూస్తుంది. రెండూ ఒకే యజమానివైనా సరే. పచ్చళ్ళావిడ పేజీ కాస్త పేరు తెచ్చుకున్నాక sri.lakshmi_pachallu అని ఎవరో ఒకరు పేజీ తెరిచి, అవే ఫోటోలు పెట్టి, ముందుగా డబ్బు పంపమంటే గిరాకీలు ఆ తేడాని కనిపెట్టగలరా? పేరులో ఎన్ని సందులుంటే నకిలీకి అన్ని దారులు. కనీసం యూపీఐలో డబ్బు పంపేముందు తెరమీద ఖాతాదారు అసలు పేరు కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఆగి చూసుకునే వీలుంది.

పెద్దక్షరాల కథ వేరు. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అనే భేదమే లేదు కనుక మనకి అది ఇంగ్లీషుతో వచ్చిన అలంకారం. ఎక్స్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్ వంటివి దాన్ని అలంకారంగానే చూస్తాయి: ఎలా కొట్టినా ఒకే ఖాతా. urstrulyMahesh లో పెద్ద M చదివేవాళ్ళకి మాట ఎక్కడ విరుగుతుందో చూపిస్తుంది, టైపు చేసేవాళ్ళ మీద ఏ భారమూ వేయదు. చూపులేని వాళ్ళకి తెరమీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు కూడా ఈ విరుపుని పట్టుకుని మాటల్ని విడిగా పలకగలవు. ఇంత చవకగా దొరికే సాయం మరొకటి లేదు. అయితే లినక్స్ మీద నడిచే కాలేజీ ల్యాబుల్లో Ramana వేరు, ramana వేరు. వికీపీడియా మొదటి అక్షరాన్ని తనే పెద్దది చేసేస్తుంది, తక్కిన అక్షరాల్లో మాత్రం చిన్నాపెద్దా తేడా చూస్తుంది. విచిత్రంగా అక్కడ అండర్‌స్కోర్, ఖాళీ రెండూ ఒకటే.

పెద్దక్షరాన్ని లెక్కచేస్తే ఏమవుతుందో డిస్కార్డ్ అనుభవం చెబుతుంది. ఆటగాళ్ళు మాట్లాడుకునే ఈ యాప్‌లో మొదట్లో పేరు వెనక # గుర్తు, నాలుగంకెలు ఉండేవి. పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా కచ్చితంగా సరిపోవాలి. ఒకే పేరుని వేలమంది పెట్టుకోవచ్చన్నది దాని వెనక ఉదారమైన ఆలోచన. 2023 మే నెలలో సంస్థే అసలు లెక్క చెప్పింది: ఒకరినొకరు కలుపుకోవడానికి పంపే అభ్యర్థనల్లో దాదాపు సగం అనుకున్న మనిషికి చేరడం లేదు. అంకెలు మరిచిపోవడం, అక్షరం పెద్దదో చిన్నదో తప్పడం ముఖ్య కారణాలు. నలభై శాతానికి పైగా జనానికి తమ పేరు వెనక అంకెలు ఏమిటో గుర్తులేవు, లేదా అవి ఎందుకున్నాయో తెలియదు. ఆ తర్వాత డిస్కార్డ్ అందరినీ చిన్నక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ మాత్రమే ఉన్న పేర్లకి మార్చింది. పక్కపక్కన రెండు చుక్కలు పెట్టడాన్నీ నిషేధించింది.

రాజమండ్రి దుకాణానికి తిరిగొస్తే, చేయదగిన పని పెద్దదేమీ కాదు. గుర్తులన్నీ తీసేసి srilakshmipachallu అని ఉంచితే చదవడానికి బాగుందా అని ముందు చూడాలి. ఇన్‌స్టాగ్రామ్ 30 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి ఇది పడుతుంది. ఎక్స్‌లో పట్టదు, 18 అక్షరాలున్నాయి. గీతలతో అయితే 20, ఇంకా దూరం. రెండు చోట్లా ఒకే పేరు కావాలంటే slpachallu లాంటి పొట్టి పేరు వెతుక్కోవాలి, లేదా ఎక్స్‌ని వదిలేయాలి; ఆవకాయ అమ్మడానికి ఎక్స్ అంత అవసరమా అన్నది వేరే ప్రశ్న. గుర్తులేని పేరు ఎవరో తీసేసుకుని ఉంటే గుర్తు తగిలించడం కంటే ఒక మాట తగిలించడం నయం. srilakshmipachallurjy అంటే రాజమండ్రి వాళ్ళకి రైల్వే స్టేషన్ కోడ్ వెంటనే తడుతుంది, నోటితో చెప్పనూ వచ్చు. తప్పనిసరిగా గుర్తు పెట్టాల్సే వస్తే ఒక్కటే పెట్టాలి, అదీ చుక్క అయితే మేలు. మాట మొదట్లో, చివర్లో పెట్టకూడదు. చుక్క తర్వాత in, com లాంటివి రాకుండా చూసుకోవాలి. లేకపోతే మెసేజీల్లో అది వెబ్‌సైట్ లింకుగా మారి నొక్కినవాళ్ళని ఎక్కడికో తీసుకుపోతుంది.

పేరు పెట్టే ముందు చిన్న పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. ఇంగ్లీషు పెద్దగా రాని ఒకరికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి, స్పెల్లింగు వివరించకుండా టైపు చేసి పంపమనాలి. మర్నాడు అదే మనిషిని మళ్ళీ అడగాలి, ఈసారి ఏమీ చెప్పకుండా. మొదటి రోజు తప్పు వస్తే చెవి దగ్గరో వేలి దగ్గరో లోపం, రెండో రోజు మాత్రమే తప్పు వస్తే జ్ఞాపకంలో లోపం. మొదటిదానికి స్పెల్లింగు మార్చాలి, రెండోదానికి గుర్తు తీసేయాలి.

స్టిక్కర్లు అచ్చేసేశాక బుద్ధి మారితే మాత్రం కాస్త చూసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో యూజర్‌నేమ్ మార్చాక పాతదానికి తిరిగి వెళ్ళే అవకాశం సాధారణంగా 14 రోజులు ఉంటుంది. ఆ తర్వాత పాత పేరుని ఎవరైనా తీసుకోవచ్చు. ఊళ్ళో సీసాల మూతల మీద ఇంకా పాత పేరే ఉంటే, ఆ గిరాకీలు అక్కడికే వెళ్తారు. అందుకని ఆ గడువు తీరగానే, వదిలేసిన sri_lakshmi_pachallu తో ఇంకో ఖాళీ ఖాతా తెరిచి, పరిచయం గడిలో కొత్త పేరు రాసిపెట్టడం దుకాణదారులు చేసుకోదగిన జాగ్రత్త. పాత మూతలు అయిపోయేదాకా ఆ ఖాతా అలా ఉంటే చాలు.